ప్రెస్సు మూసేటప్పుడు ఇచ్చే కాగితంలో తేదీ ఖరీదు

"వ్యాపార పరిస్థితుల దృష్ట్యా మన ప్రెస్సు మూసివేయబడుచున్నది. ఇన్నాళ్లూ కుటుంబ సభ్యులవలె సహకరించిన సిబ్బంది అందరికీ ధన్యవాదములు. రేపటి నుండి పనికి రానవసరం లేదు. మీకు రావలసినవి త్వరలో సెటిల్ చేయబడును."

2025 జులైలో విజయవాడలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సు యజమాని నాకు చూపించిన నోటీసు ఇది. నేను నాలుగైదు చిన్న వ్యాపారాలకు లెక్కలు రాస్తాను, వాటిలో ఈ ప్రెస్సు ఒకటి. ఆయన్ని బాబాయి గారూ అంటాను. మనిషి చెడ్డవాడు కాదు. ఆయనకు డెబ్భై దగ్గర పడుతోంది, పిల్లలు ఈ పనిలోకి రారు, బిల్డింగు లీజు అయిపోతోంది. "ఒకసారి చదివి తప్పులుంటే దిద్దమ్మా, ముప్పై ఒకటిన గోడకు అంటిస్తాను" అన్నారు.

అక్షర దోషాలేమీ లేవు. కానీ పద్నాలుగు మంది ఆ కాగితం చదివాక తెలుసుకునేదీ ఏమీ లేదు. "త్వరలో" అంటే ఎప్పుడు? "రావలసినవి" అంటే ఏవేవి? అన్నిటికంటే ముఖ్యంగా, "రేపటి నుండి" అన్న ఆ ఒక్క మాటకు కొందరి విషయంలో దాదాపు ఇరవై వేల రూపాయల ఖరీదుంది. ఆ సంగతి రాసిన ఆయనకూ తెలియదు, చదివేవాళ్ళకూ తెలియదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది దాని గురించే. చిన్న వ్యాపారం మూసేటప్పుడు సిబ్బందికిచ్చే నోటీసులో ఆఖరి పనిదినాన్ని క్యాలెండరు చూసి వేసేస్తారు. మిగతా అంకెలన్నీ ఆ తేదీ మీదే ఆధారపడి ఉంటాయి. అందుకని తేదీ వేసేముందు ప్రతి మనిషికీ లెక్క కట్టాలి, ఆ లెక్కను అదే కాగితంలో చూపించాలి. కృతజ్ఞతలు కావాలంటే నోటితో చెప్పొచ్చు.

ఒక మనిషి, రెండు తేదీలు

మెషిన్‌మన్ గారి లెక్క తీసుకుందాం. 2013 ఫిబ్రవరి 10న చేరారు. జీతం నెలకు 18 వేలు, అందులో విడి అలవెన్సులేమీ లేవు, అంతా ఒకే మొత్తం. సంస్థ మూతపడినప్పుడు కనీసం ఏడాది నిరంతరం పనిచేసిన కార్మికుడికి చట్టం రెండు ఇస్తుంది. ఒకటి నెల రోజుల ముందు రాతపూర్వక నోటీసు, లేదా దానికి బదులు నెల జీతం. రెండోది పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు జీతం చొప్పున పరిహారం. ఏళ్ళు లెక్కపెట్టేటప్పుడు చివర్లో మిగిలిన ముక్క ఆరు నెలలు దాటితే దాన్నీ పూర్తి ఏడాదిగా తీసుకోవాలి. గ్రాట్యుటీకి కూడా ఈ ఆరు నెలల సూత్రమే వర్తిస్తుంది.

బాబాయి గారి నోటీసు ప్రకారం జులై 31తో సర్వీసు ముగిస్తే ఆయనది పన్నెండేళ్ళ అయిదు నెలల ఇరవై రెండు రోజులు. ఆరు నెలలు దాటలేదు కాబట్టి పన్నెండేళ్ళే. పరిహారం ఏడాదికి 9 వేల చొప్పున 1,08,000. గ్రాట్యుటీ 1,24,615. నోటీసు ఇవ్వలేదు కాబట్టి నెల జీతం 18,000. అంతా కలిపి 2,50,615 రూపాయలు.

ఇప్పుడు అదే జులై 31న నెల రోజుల నోటీసు చేతికిచ్చి, ఆగస్టంతా పని చేయించుకుని, ఆగస్టు 31తో ముగించారనుకోండి. సర్వీసు పన్నెండేళ్ళ ఆరు నెలల ఇరవై రెండు రోజులవుతుంది, లెక్కకు పదమూడేళ్ళు. పరిహారం 1,17,000. గ్రాట్యుటీ 1,35,000. ఆగస్టు జీతం 18,000. మొత్తం 2,70,000.

తేడా 19,385 రూపాయలు. నెల జీతం రెండు పద్ధతుల్లోనూ ఇవ్వాల్సిందే, కానీ మొదటి పద్ధతిలో యజమాని ఆ 18 వేలూ ఏ పనీ చేయించుకోకుండా ఇస్తున్నాడు. రెండో పద్ధతిలో నెలంతా మెషిన్ నడుస్తుంది, ఆ మనిషికి ఇంకో ఏడాది సర్వీసు కలుస్తుంది.

ఇక్కడ చాలామంది తికమకపడే సంగతి ఒకటుంది. పరిహారంలోనూ గ్రాట్యుటీలోనూ "పదిహేను రోజుల జీతం" అనే ఉంటుంది గానీ, రెండు పదిహేను రోజులూ ఒకటి కావు. గ్రాట్యుటీకి నెలను 26 పనిదినాలుగా తీసుకుని భాగించాలి, కాబట్టి 18 వేల జీతానికి పదిహేను రోజులంటే సుమారు 10,385. మూసివేత పరిహారానికి నెలజీతగాడి విషయంలో సగం నెల జీతమే లెక్క, అంటే 9,000. రిట్రెంచ్‌మెంట్, అంటే పని కొనసాగుతున్న చోట కార్మికుణ్ణి తీసేసినప్పుడు, ఇచ్చే పరిహారాన్ని 26తో భాగించనక్కర్లేదని 2007లో గురు జంభేశ్వర్ యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మూసివేతకూ ఆ లెక్కే. నోటీసులో రెండు అంకెలనూ కలిపేసి "సెటిల్‌మెంటు ఇంత" అని ఒకే మొత్తం రాస్తే, ఏది ఏ పద్ధతిలో కట్టారో ఎవరూ సరిచూసుకోలేరు. యజమాని నిజాయతీగా కట్టినా సరే, చూపించకపోతే అనుమానం మిగులుతుంది.

"అయితే నన్ను శ్రావణంలో ముంచుతావా?"

ఆగస్టు 31 అనగానే బాబాయి గారు అన్న మాట ఇది. ఆయన భయం ఊహించుకున్నది కాదు. ఆ ఏడాది ఆషాఢం జులై 24న పోయింది. శ్రావణం రాగానే పెళ్ళి కార్డుల పని మొదలైంది. పెళ్ళివారికి కార్డు ముహూర్తానికి ఇరవై రోజుల ముందైనా చేతిలో ఉండాలి. ఇప్పుడు మూసేస్తున్నామని చెబితే డీటీపీ ఆపరేటరు ఇంకోచోట చేరిపోతాడు, మెషిన్‌మన్‌ను పక్క ప్రెస్సు వాళ్ళు ఎగరేసుకుపోతారు, బాకీలున్న కస్టమర్లు "ఎలాగూ మూసేస్తున్నాడుగా" అని డబ్బు ఆపేస్తారు, పేపరు సప్లయరు మాత్రం పొద్దున్నే వచ్చి కూర్చుంటాడు. అందుకని శ్రావణం అయ్యేదాకా ఎవరికీ చెప్పకుండా పని చేయించుకుని, ఆ మర్నాడు చెప్పి నెల జీతం చేతిలో పెట్టడం మేలన్నది ఆయన రెండో ప్రతిపాదన.

చట్టం దీన్ని ఒప్పుకుంటుంది. నోటీసుకు బదులు నెల జీతమిచ్చే వీలు అందుకే ఉంది. యాభై మంది లోపు పనిచేసే చోట మూసివేత గురించి ప్రభుత్వానికి అరవై రోజుల ముందు చెప్పాల్సిన పనీ లేదు. కాబట్టి ఈ సైజు ప్రెస్సులో సిబ్బందికి ముందుగా కబురందేది ఒక్క ఈ నోటీసు ద్వారానే. అది కూడా ఆఖరి రోజునే ఇస్తే, మనిషి చేతిలో నెల జీతం ఉంటుంది గానీ పని వెతుక్కోవడానికి నెల రోజులుండవు. నలభై ఆరేళ్ళ మెషిన్‌మన్ ఉద్యోగంలో ఉండగా ఇంకో ప్రెస్సుకు వెళ్ళి మాట్లాడటానికీ, పని పోయిందని వెళ్ళి అడగడానికీ తేడా ఉంది. జీతం మాటల్లో అది రెండు మూడు వేల తేడా.

అయినా నేను బాబాయి గారి భయాన్ని కొట్టిపారేయలేకపోయాను. ముందే చెప్పడం వల్ల ఆయనకు నష్టం రాదని నేను హామీ ఇవ్వలేదు. నిజంగానే ఇద్దరు కస్టమర్లు ఆగస్టులో చెల్లింపు ఆపేశారు. అందులో ఒకరి దగ్గర డబ్బు వసూలు కావడానికి సంక్రాంతి దాటింది. సిబ్బంది వెళ్ళిపోవడం గురించి మాత్రం నేను వేరుగా ఆలోచించాను.

జీతం పెరుగుతుందని మాత్రమే నోటీసు నెలలో మనుషులు వెళ్ళిపోరు. చివరిదాకా ఉంటే డబ్బు వస్తుందో రాదో తెలియక వెళ్ళిపోతారు. దీనికి చట్టంలో ఒక చిక్కు కూడా ఉంది. నోటీసు నెల మధ్యలో రాజీనామా చేసి వెళ్ళిపోతే మూసివేత పరిహారం మీద అతని హక్కు పోతుంది, ఎందుకంటే సంస్థ మూతపడే రోజున అతను అక్కడి ఉద్యోగి కాడు. ఆ భయంతో చేతికొచ్చిన ఉద్యోగం వదులుకునేవాళ్ళుంటారు, ఆ సంగతి తెలియక పరిహారం పోగొట్టుకునేవాళ్ళూ ఉంటారు. అందుకని నోటీసులో ఒక వాక్యం పెట్టమన్నాను: ఈ నెలలో వేరే ఉద్యోగం దొరికినవారు మూడు రోజుల ముందు చెప్పి వెళ్ళవచ్చు, వెళ్ళే తేదీ వరకు లెక్కకట్టి పరిహారం పూర్తిగా ఇస్తాం, రాజీనామా రాయనక్కర్లేదు.

"ఇది రాస్తే అందరూ పోతారు" అన్నారాయన. వెళ్ళింది ఒక్కరే. భయపడినట్టే డీటీపీ ఆపరేటరు, అదీ ఆగస్టు రెండో వారంలో, కార్డుల పని ముమ్మరంగా ఉన్నప్పుడు. నాలుగు రోజులు బాబాయి గారే కీబోర్డు ముందు కూర్చున్నారు. ఆ నాలుగు రోజులూ నాతో సరిగ్గా మాట్లాడలేదు. మిగతావాళ్ళు ఉండిపోయారు. ఎందుకంటే ఆగస్టు 31 దాటితే తమకు ఎంతొస్తుందో ప్రతి ఒక్కరి దగ్గరా కాగితం ఉంది. మెషిన్‌మన్ గారికి పక్క ప్రెస్సు నుంచి పిలుపు వచ్చింది, ఆయన సెప్టెంబరు ఒకటి నుంచి వస్తానని చెప్పుకున్నారు.

రాజీనామా ఇవ్వండి, సెటిల్ చేస్తాం

మధ్యలో ఇంకో సలహా వచ్చింది. ఆడిటర్ ఆఫీసులో ఎవరో బాబాయి గారికి చెప్పారట, అందరి దగ్గరా రాజీనామా పత్రాలు తీసుకోండి, గొడవ ఉండదు అని. ఈ మాట నేను వస్త్రదుకాణాల్లో విన్నాను, హాస్పిటల్ క్యాంటీన్లలో విన్నాను, ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనూ విన్నాను. చెప్పేవాళ్ళు దాన్ని మర్యాదగా కూడా చెబుతారు: "తీసేశారని రాస్తే మీకే ఇబ్బంది, రిజైన్ చేశారని ఉంటే రేపు ఇంకోచోట బాగుంటుంది."

మెషిన్‌మన్ గారి లెక్కలో ఈ మర్యాద ఖరీదు చూడండి. రాజీనామా చేసినా గ్రాట్యుటీ వస్తుంది, అయిదేళ్ళు దాటాయి కాబట్టి. కానీ 1,17,000 పరిహారం మొత్తం పోతుంది. తానంతట తాను మానేసినవాడికి మూసివేత పరిహారం ఉండదు కదా. పోయేది అదొక్కటే కాదు, తర్వాత ఎక్కడ ఫిర్యాదు చేసినా ముందుగా చూపించేది ఆ సంతకమే. నోటీసు చేతికి రాకముందే రాజీనామా రాయమని ఎవరైనా అడిగితే, అది దేనికి బదులుగా అడుగుతున్నారో కాగితం మీద అంకె వేయించుకోకుండా రాయొద్దు.

మరో సలహా ఇంకాస్త తెలివైనది. చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది: యజమాని చేతిలో లేని, తప్పించుకోలేని పరిస్థితుల వల్ల మూతపడితే పరిహారం మూడు నెలల సగటు జీతానికి మించనక్కర్లేదు. లీజు అయిపోయింది, అది మన చేతిలో లేదు కదా, మూడు నెలలిస్తే సరిపోతుందన్నారు. మెషిన్‌మన్ గారికైతే 1,17,000 బదులు 54,000. అయితే ఆ మినహాయింపు పెట్టినవాళ్ళు ఈ వాదన వస్తుందని ముందే ఊహించారు. ఆర్థిక ఇబ్బందులు, నష్టాలు, అమ్ముడుపోని సరుకు, లీజు గానీ లైసెన్సు గానీ ముగియడం, ఇవేవీ తమంతట తాముగా "తప్పించుకోలేని పరిస్థితి" కిందికి రావని దాని కిందే వివరణ రాసి ఉంది. చిన్న వ్యాపారాలు మామూలుగా మూతపడేది ఈ కారణాలతోనే. నోటీసులో "అనివార్య కారణాల వల్ల" అన్న మాట కనిపిస్తే అది మర్యాద కోసం రాశారో, మూడు నెలల పరిమితికి పునాదిగా రాశారో అడగాలి. మా నోటీసులో ఉన్న కారణమే రాశాం: లీజు ముగుస్తోంది, యజమాని వయసు రీత్యా కొనసాగించదలచుకోలేదు.

డబ్బు ఎప్పుడు?

బాబాయి గారితో నిజంగా వాదన జరిగింది ఇక్కడే. ఆయన దగ్గర డబ్బు లేదు. ఉన్నది మెషిను. అది అమ్మితే డబ్బు వస్తుంది, కానీ మెషిను కొనేవాడికి అమ్మేవాడి తొందర తెలిసిపోతే ధర పడేస్తాడు. అందుకని నోటీసులో "మెషినరీ అమ్మిన పిమ్మట చెల్లించబడును" అని రాయమన్నారు. న్యాయమే అనిపిస్తుంది. ఆయన దాచుకున్నదేమీ లేదు, నాకు తెలుసు, లెక్కలు రాసేదాన్ని నేనే.

నేను ఒప్పుకోకపోవడానికి కారణం పాత సుప్రీంకోర్టు తీర్పొకటి. పని కొనసాగుతున్న చోట ఒక కార్మికుణ్ణి తీసేసినప్పుడు పరిహారం ముందుగా ఇవ్వకపోతే ఆ తీసేయడమే చెల్లదు. సంస్థ మొత్తం మూసేసినప్పుడు అలా కాదు. పరిహారం చెల్లించడం మూసివేతకు ముందస్తు షరతు కాదని 1960లోనే హఠీసింగ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ కేసులో కోర్టు చెప్పేసింది. అంటే డబ్బు ఇవ్వకుండా మూసినా మూత మూతే. తలుపు పడ్డాక కార్మికుడు ఆ యజమానికి అప్పిచ్చిన వాళ్ళలో ఒకడవుతాడు. మూతపడ్డ వ్యాపారానికి అప్పిచ్చినవాడికి తేదీ లేని వాగ్దానం ఎంత పనికొస్తుందో పేపరు సప్లయరును అడిగితే చెబుతాడు.

అందుకని విడదీశాం. ఆగిపోకూడనివి ముందు. పనిచేసిన రోజుల జీతం, మిగిలిన సెలవుల డబ్బు సర్వీసు ముగిసిన రెండు రోజుల్లో. జీతం విషయంలో అప్పటి చట్టం కూడా ఆ గడువే పెట్టింది. గ్రాట్యుటీకి ముప్పై రోజుల గడువుంది, దాటితే వడ్డీ కట్టాలి. దానికి సెప్టెంబరు 30 తేదీతో చెక్కులు. పరిహారంలో సగం ఆగస్టు 30న, మిగతా సగం అక్టోబరు 31 తేదీ చెక్కుగా. మెషిను అమ్ముడుపోయినా పోకపోయినా ఆ తేదీ ఆగదు. పరిహారాన్ని రెండు ముక్కలు చేయడం సిబ్బంది తరఫున చూస్తే రాజీయే. ముందే సిబ్బందితో కూర్చుని మాట్లాడి, వాళ్ళు ఒప్పుకున్నాకే రాశాం. ఒకరిద్దరు ఒప్పుకోకపోయి ఉంటే ఏం చేసేవాళ్ళమో నాకిప్పటికీ స్పష్టంగా తెలియదు. దసరా బోనస్ సంగతి వాళ్ళే అడిగారు. అది ఈ ప్రెస్సులో అలవాటుగా ఇచ్చేది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా అయిదు నెలల వాటా కలిపారు.

చివరికి వెళ్ళిన కాగితం

గోడకు అంటించడం మానేశాం. ఎవరిది వాళ్ళకు, కవర్లో, తెలుగులో, రెండు ప్రతులు. ఒకదాని మీద "అందినది" అని తేదీతో సంతకం. అది అందినట్టే గానీ ఒప్పుకున్నట్టు కాదని కూడా రాశాం. మెషిన్‌మన్ గారి కాగితంలో ముఖ్యమైన భాగం ఇలా ఉంది:

"మా ప్రెస్సు 31-8-2025తో శాశ్వతంగా మూసివేస్తున్నాం. ఇది మీకు ఇస్తున్న నెల రోజుల నోటీసు. మీరు పనికి రావలసిన ఆఖరి రోజు 30-8-2025, శనివారం. మీ సర్వీసు ముగిసే తేదీ 31-8-2025. మీ సర్వీసు 10-2-2013 నుండి లెక్కకు 13 సంవత్సరాలు. మూసివేత పరిహారం: నెల జీతంలో సగం 9,000 × 13 = 1,17,000. గ్రాట్యుటీ: 18,000 × 15 ÷ 26 × 13 = 1,35,000. ఈ లెక్కలో తేడా ఉందనుకుంటే ఆగస్టు 10లోగా చెప్పండి, రిజిస్టరు చూసి కలిసి సరిచేద్దాం."

ఇందులో రెండు తేదీలు ఎందుకున్నాయో చెప్పాలి. 31 ఆదివారం, ప్రెస్సుకు సెలవు. ఆఖరి పనిదినం శనివారం 30 అని మాత్రమే రాస్తే సర్వీసు కూడా 30తోనే ముగిసిందని ఎవరైనా లెక్కకట్టొచ్చు. జులై 31న ఇచ్చిన నోటీసుకు అప్పటికి నెల నిండదు. మెషిన్‌మన్ గారికి ఆ ఒక్కరోజుతో పోయేదేమీ లేదు. కానీ వేరే తేదీలతో మూసేచోట కొందరికి ఆరు నెలలు దాటడం, దాటకపోవడం అలాంటి ఒకటి రెండు రోజుల మీదే నిలబడొచ్చు. పనికి రావడం మానే రోజు, సర్వీసు ముగిసే రోజు వేరు కావచ్చు. రెండూ రాయాలి.

కాగితం చదివి మెషిన్‌మన్ గారు మొత్తం గురించి ఏమీ అనలేదు. "పీఎఫ్‌లో మానేసిన తేదీ మీరే వేస్తారా, లేక నన్ను తిరగమంటారా?" అని అడిగారు. ఆయన బావమరిది ఇంకోచోట పని మానేస్తే ఆ యజమాని ఆన్‌లైన్‌లో నిష్క్రమణ తేదీ వేయకుండా షట్టర్ దించి వెళ్ళిపోయాడట. యజమాని వేయకపోతే ఆఖరి చందా పడ్డ రెండు నెలల తర్వాత సభ్యుడే వేసుకోవచ్చు. కానీ ఫోనులో ఓటీపీలతో అలవాటు లేనివాళ్ళు నెట్ సెంటర్లో డబ్బిచ్చి చేయించుకోవాలి. సెప్టెంబరు 15లోగా చివరి చందా కట్టి తేదీ నమోదు చేస్తామని కూడా నోటీసులో చేర్చాం. ఈఎస్ఐ గురించి మరో ఇద్దరు అడిగారు, ఉద్యోగం పోయిన రోజే కార్డు చచ్చిపోతుందని వాళ్ళ నమ్మకం. ఏప్రిల్, సెప్టెంబరు మధ్య 78 రోజులకైనా చందా పడి ఉంటే దానికి ప్రతిఫలంగా ప్రయోజనాలు అందే కాలం మరుసటి జనవరి నుంచి జూన్ దాకా ఉంటుంది. అందరికీ అంతకంటే ఎక్కువ రోజులే పడ్డాయి.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి కదా, ఇదంతా పాత లెక్క కదా అని ఎవరైనా అడగొచ్చు. పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. నెల నోటీసు, ఏడాదికి పదిహేను రోజులు, ఆరు నెలలు దాటితే ఏడాది, లీజు ముగింపు సాకు చెల్లకపోవడం, ఇవన్నీ అందులోకి వచ్చాయి. పదిహేను రోజులను మార్చే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు కాబట్టి లెక్క కట్టే రోజున ఏముందో చూసుకోవాలి. జీతంలో అలవెన్సుల ముక్కలు ఎక్కువగా ఉన్నచోట "వేతనం" నిర్వచనం మారడం వల్ల అంకెలు కొంత మారతాయి.

బైండింగ్ గదిలో

ఇంతవరకు చెప్పింది నెలజీతగాళ్ళ సంగతి. బైండింగ్‌లో నలుగురు ఆడవాళ్ళు వారం వారం డబ్బు తీసుకుంటారు, మడతకు ఇంత, కుట్టుకు ఇంత అని. నియామక పత్రాలు లేవు. వాళ్ళకు కూడా గడిచిన పన్నెండు నెలల్లో 240 రోజులు పని పడితే ఏడాది సర్వీసు ఉన్నట్టే. మూడేళ్ళ కూలి పుస్తకాలు, ఈఎస్ఐ చందాల జాబితా పక్కపక్కన పెట్టి చూస్తే ముగ్గురికి ఏటా నిండాయి. నాలుగో ఆవిడ కాన్పుకు వెళ్ళి వచ్చింది. చట్టం లెక్కలోకి తీసుకునే ప్రసూతి సెలవు కలిపితే ఆవిడకూ నిండాయి.

వీళ్ళ విషయంలో తేదీ ఇంకో రకంగా పనిచేసింది. నెలజీతం వాళ్ళకు సగటు జీతమంటే వెనకటి మూడు పూర్తి నెలలది. వారం కూలీలకు వెనకటి నాలుగు పూర్తి వారాలది. జులై 31న ముగించి ఉంటే ఆ నాలుగు వారాలూ చాలామటుకు ఆషాఢంలో పడేవి. అప్పుడు బైండింగ్ గదిలో పనే లేదు, కొన్ని రోజులు మధ్యాహ్నానికే ఇంటికి పంపేశారు. ఆగస్టు 31తో ముగించడం వల్ల ఆ నాలుగు వారాలూ కార్డుల పని ఉన్నప్పటివి అయ్యాయి. వాళ్ళకు పదకొండేళ్ళు, తొమ్మిదేళ్ళు, అలా సర్వీసు ఉంది. వారం కూలి సగటు కాస్త మారినా అన్నేళ్ళతో హెచ్చవేస్తే పెద్ద తేడా వస్తుంది. ఇది నేను ముందు ఆలోచించి చెప్పింది కాదు, కూలి పుస్తకం తిరగేస్తుంటే కనపడింది.

ఇక మిగిలింది ఒక హెల్పరు కుర్రాడు, చేరి ఎనిమిది నెలలు. ఆ 240 రోజులు నిండలేదు, కాబట్టి మూసివేత పరిహారమూ లేదు, నోటీసు జీతమూ లేదు. చట్టం ప్రకారం పనిచేసిన రోజుల జీతమిచ్చి పంపేయొచ్చు. అందరితో పాటు వాడికీ నెల ముందు కాగితం ఇచ్చాం, అది ఖర్చు లేని పని. పైన ఒక నెల జీతం ఇవ్వమని నేను అడిగాను. "చట్టం చట్టమని ఇన్నాళ్ళూ నన్ను పరిగెత్తించింది నువ్వే కదమ్మా, ఇప్పుడు చట్టంలో లేనిది అడుగుతావేం?" అన్నారు బాబాయి గారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆయన పదిహేను రోజుల జీతం ఇచ్చారు. నెల ఇచ్చి ఉండాల్సిందని నేను ఇప్పటికీ అంటాను, ఆయన ఇప్పటికీ ఒప్పుకోరు.